పండగ సరుకుకు ఓడీ పెంపు లేఖ: ఏడేళ్లు వాడాక

మా బట్టల దుకాణం కరెంట్ ఖాతాకు రూ.8 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ పరిమితి ఉంది. మామూలు నెలలకు అది సరిపోతుంది, దసరా సరుకు దించడానికి చాలదు. అందుకే ఏటా శ్రావణంలో బ్యాంకు మేనేజర్ గారికి ఒక లేఖ ఇస్తాను. ఏడేళ్లుగా అదే నమూనా.

మొదటి ఏడాది ముందుగా రాసిన లేఖలో మర్యాదే తప్ప లెక్క లేదు. ‘పండగ దగ్గర పడింది, పెట్టుబడి చాలడం లేదు, దయతో పరిమితి పెంచగలరు’ అని రాశాను. సరుకు ఎంత ఉంది, అందులో అరువు సరుకు ఎంత అని అడుగుతూ తిప్పి పంపారు. బ్యాంకు చూసేది డ్రాయింగ్ పవర్‌ను. అంటే, ఉన్న సరుకులోంచి మనం ఇంకా డబ్బు కట్టనిది తీసేసి, మిగిలిన దానిలో మన సొంత వాటాగా లెక్కించే మార్జిన్ తగ్గించగా తేలే మొత్తం. మా బ్యాంకులో మార్జిన్ 25 శాతం.

ఇప్పుడు లేఖలో అసలు పేరా ఇలా ఉంటుంది: ‘ప్రస్తుత సరుకు రూ.14 లక్షలు, అందులో అరువు రూ.3 లక్షలు. పండగ కొనుగోళ్ల తర్వాత సరుకు రూ.20 లక్షలు, అరువు రూ.4 లక్షలు అవుతుంది. మార్జిన్ పోగా డ్రాయింగ్ పవర్ రూ.12 లక్షలు. కావున 90 రోజులకు అదనంగా రూ.4 లక్షల తాత్కాలిక పరిమితి కోరుతున్నాను. దీపావళి అమ్మకాలతో దానిని తీర్చగలను.’ దీనికి స్టాక్ స్టేట్‌మెంట్, జీఎస్టీ రిటర్నులు, నిరుటి పండగ నెలల అమ్మకాల లెక్క, సూరత్ వ్యాపారి ఇచ్చిన కొటేషన్ జత చేస్తాను.

‘తాత్కాలిక’ అన్న మాట ముఖ్యం. శాశ్వతంగా పెంచమంటే ఖాతా మొత్తాన్ని మళ్లీ మదింపు చేస్తారు, అంతలో పండగ వెళ్లిపోతుంది. ఒకసారి భాద్రపదంలో లేఖ ఇస్తే మంజూరు దసరాకు నాలుగు రోజుల ముందు వచ్చింది. సూరత్ నుంచి సరుకు రావడానికే వారం పడుతుంది.

ఖర్చు విషయానికొస్తే, 10.5 శాతం వడ్డీపై రూ.4 లక్షలు 60 రోజులు వాడితే దాదాపు రూ.6,900 అయింది. నగదు కట్టినందుకు సూరత్ వ్యాపారి 3 శాతం తగ్గించాడు, అది రూ.12,000. ఈ తేడా కోసమే నా తాపత్రయమంతా. సరుకు అమ్ముడుపోకపోతే ఈ లెక్క తలకిందులవుతుంది. ఒక ఏడాది శాలువాలు మిగిలిపోయి గడువుకు రూ.1.3 లక్షలు తీర్చలేకపోయాను. మరుసటి ఏడు నా లేఖ చదవకముందే ఆ నెల స్టేట్‌మెంట్ తెరిచారు. అడిగిన రూ.4 లక్షలకు రూ.2 లక్షలే ఇచ్చారు. కోపం వచ్చింది కానీ, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాడిని.

నిరుడు ఒక కొత్త చిక్కు వచ్చింది. సరుకు రూ.20 లక్షలకు పెరుగుతుందని నేనే రాశాను, బీమా మాత్రం రూ.15 లక్షలకే ఉంది. పాలసీ పెంచి తెచ్చేవరకు మంజూరు ఆపారు. ఈ ఏడు ఆ పాలసీ నకలును అన్నిటికంటే పైన పెట్టాను.