గూగుల్ డ్రైవ్ ట్రాష్: ఆరేళ్ల వాడకం, ఒక పూట టెన్షన్

డ్రైవ్ గురించి అందరికీ తెలిసిన సంగతులు వదిలేస్తాను. ఆరేళ్లుగా వాడుతున్నాను, ఫొటోలు, రసీదులు, పాత కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే. ఇన్నేళ్లలో దాని ట్రాష్‌ని నేను పట్టుమని పదిసార్లు కూడా తెరిచి చూసి ఉండను. ఈ సమీక్ష మొత్తం ఆ ట్రాష్ గురించే. మీ ఫోన్‌లో భాష సెట్టింగ్‌ని బట్టి అది బిన్ అని కూడా కనిపించవచ్చు. రెండూ ఒకటే.

సంగతి ఎక్కడ మొదలైందంటే, మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, నేను కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. గోడలకు ప్లాస్టరింగ్ చేసే ముందు, పైపులూ వైరింగ్ గొట్టాలూ ఎటు పోయాయో టేపు పెట్టి మరీ ఫొటోలు తీసి అందులో వేయించేవాణ్ణి. పని అయిపోయాక గ్రూపు మూసేస్తూ, చాట్‌లో మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌పోర్ట్ చాట్‌లో మీడియాతో సహా అని ఎంచుకుని, వచ్చిన జిప్ ఫైల్‌ని డ్రైవ్‌లో పడేశాను. తర్వాత ఫోన్‌లోంచి ఆ చాట్ తీసేశాను. ఫోన్ కూడా మారింది. అంటే ఆ ఫొటోలకు ఉన్న ఒకే ఒక్క కాపీ ఇది:

```
WhatsApp Chat with Illu Pani.zip
```

ఈ ఏడాది మార్చి 6న స్టోరేజీ నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ డ్రైవ్‌కీ జీమెయిల్‌కీ ఫొటోలకీ ఉమ్మడి ఖాతా కాబట్టి, అది నిండితే మెయిళ్లు కూడా రావడం ఆగిపోతాయి. కూర్చుని శుభ్రం చేయడం మొదలుపెట్టాను. `Old Phone` అని ఒక ఫోల్డర్ కనిపించింది. లోపల పాత రింగ్‌టోన్లు, పెళ్లి వీడియోల ముక్కలు, ఎవరో పంపిన పీడీఎఫ్‌లు. పైన నాలుగైదు చూసి, అంతా చెత్తే అనుకుని ఫోల్డర్‌ని ఫోల్డర్‌గానే తీసేశాను. జిప్ అందులోనే ఉందని గుర్తు లేదు.

తీసేశాక చూస్తే స్టోరేజీ అంకె అంగుళం కూడా కదల్లేదు. కారణం అప్పుడు నాకు తెలియదు. ట్రాష్‌లో ఉన్న ఫైళ్లు కూడా మన కోటాలోనే లెక్క. ట్రాష్ ఖాళీ చేస్తేనే చోటు తిరిగి వస్తుంది. నేను మాత్రం అంకె మారడానికి టైమ్ పడుతుందేమో అనుకుని, ఈలోగా పెద్ద అటాచ్‌మెంట్లున్న మెయిళ్లు ఏరి తీసేసి, మెయిల్ ట్రాష్ ఖాళీ చేశాను. అంతటితో హెచ్చరిక పోయింది. డ్రైవ్ ట్రాష్ జోలికి వెళ్లలేదు. జాగ్రత్త కాదు, బద్ధకం.

మార్చి 30న స్నానాల గదిలో కొత్త అల్మారా బిగించడానికి ప్లంబర్ వచ్చాడు. డ్రిల్ మిషన్ చేతిలో పట్టుకుని, "సార్, ఈ గోడలో వేడినీళ్ల పైపు ఎటు పోయిందో తెలుసా?" అని అడిగాడు. "ఫొటో ఉంది, ఒక్క నిమిషం ఆగు" అని ధీమాగా ఫోన్ తీశాను.

డ్రైవ్‌లో పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. మామూలు వెతుకులాటలో ట్రాష్‌లో ఉన్నవి రావు. మొదట నేను చేసిన తప్పు, స్టోరేజీలో బ్యాకప్స్ అనే చోటికి వెళ్లి అక్కడ వెతకడం. అక్కడ వాట్సాప్ రోజూ తనంతట తాను దాచుకునే బ్యాకప్ మాత్రమే కనిపించింది. ఈ రెంటికీ తేడా తెలియకపోతే చాలా ఇబ్బంది పడతాం. ఆ ఆటోమేటిక్ బ్యాకప్ డ్రైవ్‌లో మామూలు ఫైల్ కాదు. యాప్‌కి మాత్రమే అందే దాపుడు చోటులో ఉంటుంది. దాన్ని బ్యాకప్స్ పేజీలో డిలీట్ చేస్తే ట్రాష్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఫోన్‌లో చాట్లు ఇంకా ఉంటే మళ్లీ బ్యాకప్ తీసుకోవడం ఒక్కటే దారి. ఆండ్రాయిడ్‌లో అయితే ఫోన్ లోపల కొన్ని రోజుల స్థానిక కాపీలు ఉంటాయి, అవి దొరికితే అదృష్టం. మనం చేత్తో ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్న జిప్ మాత్రం మిగతా ఏ ఫైల్ లాంటిదే, దానికి ట్రాష్ ఉంది.

సరే, ట్రాష్ తెరిచాను. అరవై పైచిలుకు ఐటెమ్స్. వేలితో పైనుంచి కిందికి, కింది నుంచి పైకి మూడుసార్లు జరిపాను. జిప్ లేదు. అప్పుడు పట్టుకుంది టెన్షన్. ప్లంబర్ నిచ్చెన దిగి టీ తాగొస్తానని వెళ్లాడు. "అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయన్నారుగా" అని మా ఆవిడ గుమ్మంలోంచే అంది.

కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ చూశాను. వెతికే పెట్టెలో ఇది కొడితే ట్రాష్‌లో ఉన్నవి వస్తాయి:

```
is:trashed
```

పెద్ద తెరమీద ట్రాష్ పేజీలో, ప్రతి దాని పక్కనా అది ట్రాష్‌లో పడిన తేదీ కనిపిస్తుంది. ఆ తేదీల వరుసలో మార్చి 6 దగ్గర ఆగాను. నేను శుభ్రం చేసిన రోజు అదేనని మెయిల్‌లోని స్టోరేజీ హెచ్చరిక చూసి తేల్చుకున్నాను. ఆ తేదీకి ఎదురుగా నాలుగైదు వీడియోలు, ఒక `Old Phone` ఫోల్డర్. జిప్ పేరు ఎక్కడా లేదు. అప్పటికి గాని బుర్ర వెలగలేదు. ఫోల్డర్‌ని మొత్తంగా తీసేస్తే ట్రాష్ జాబితాలో ఫోల్డర్ పేరొక్కటే కనిపిస్తుంది. దాని లోపలివి విడివిడిగా రావు. నేను జిప్ కోసం వెతుకుతున్నాను, వెతకాల్సింది ఫోల్డర్ కోసం.

లోపల ఏముందో చూద్దామని ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కితే, చూడాలంటే ముందు రీస్టోర్ చేయాలని అడిగింది. ఇది నాకు నచ్చలేదు. లోపల జిప్ ఉందో లేదో తెలియకుండా, ఆ చెత్తంతా మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. చేసేదేముంది, రీస్టోర్ నొక్కాను. రెండు క్షణాల్లో ఫోల్డర్ తన పాత చోటుకే వెళ్లి కూర్చుంది. తెరిస్తే, రింగ్‌టోన్ల కింద, చిట్టచివర, 1.3 జీబీ జిప్.

లెక్క వేసుకుంటే 24 రోజులు గడిచాయి. డ్రైవ్ ట్రాష్‌లో పడింది 30 రోజులే ఉంటుంది. 2020 అక్టోబరు 13కి ముందు మనం ఖాళీ చేసేదాకా అలాగే పడి ఉండేది. నా మనసులో ఇంకా ఆ పాత పద్ధతే ఉంది. ఇప్పుడు ఒక్కో ఐటెమ్‌కి అది ట్రాష్‌లో పడిన రోజు నుంచి గడువు మొదలవుతుంది. అంటే నాకు మిగిలింది ఆరు రోజులు. ఆ అల్మారా డెలివరీ వారం ఆలస్యమై ఉంటే ఈ సమీక్ష వేరే రకంగా ఉండేది. ఆఫీసు, కాలేజీ ఖాతాల్లో ట్రాష్ ఖాళీ అయ్యాక కూడా అడ్మిన్‌కి ఇంకో 25 రోజులు వెనక్కి తెచ్చే వీలుంటుంది. నాలాంటి సొంత ఖాతాకి ఆ అడ్మిన్ అనే మనిషే లేడు.

దింపుకునేటప్పుడు ఇంకో చిన్న భయం. వైరస్ ఉందో లేదో చూడలేకపోతున్నాం, అయినా దింపుకుంటారా అని అడిగింది. ఫైల్ పాడైందేమో అని గుండె గుభేలుమంది. అదేం కాదు, 100 ఎంబీ దాటిన ఫైళ్లని డ్రైవ్ వైరస్ కోసం చూడదు, అంతే. దింపాక సైజు సరిపోయిందో లేదో చూసుకుని, విప్పాను. లోపల ఒక టెక్స్ట్ ఫైల్, చుట్టూ వందల ఫొటోలు. ఫొటో పేర్లలో తేదీ ఉంటుంది గానీ ఏ గోడదో ఉండదు. అందుకని టెక్స్ట్ ఫైల్ తెరిచి "గీజర్" అని వెతికాను. ఇలా వచ్చింది:

```
11/03/22, 4:42 pm - Mestri: IMG-20220311-WA0014.jpg (file attached)
11/03/22, 4:43 pm - Mestri: గీజర్ లైను కిటికీ నుంచి 9 అంగుళాలు సార్
```

ఆ పేరున్న ఫొటో తెరిస్తే ఇటుకల మధ్య గాడి, గాడిలో పైపు, పక్కన మేస్త్రి బొటనవేలూ టేపూ. ప్లంబర్ పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటు సరిగ్గా ఆ పైపు మీదే ఉంది. రంధ్రాన్ని ఆరంగుళాలు పక్కకి జరిపాడు.

అందుకని ట్రాష్‌కి నా మార్కులు బాగానే ఉంటాయి. వెనక్కి వచ్చిన ఫోల్డర్ అచ్చం మునుపటిలాగే ఉంది. పేర్లు, తేదీలు, ఇదివరకు ప్లంబర్‌కి పంపిన ఒక షేర్ లింకు కూడా పనిచేసింది. అయితే మొదట్లో పొంగిపోయినంతగా ఇప్పుడు పొగడలేను. ఫోల్డర్ లోపలికి తొంగి చూడనివ్వకపోవడం ఒకటి. రెండోది, స్టోరేజీ నిండి గాభరాలో ఉన్నప్పుడే మనిషికి ట్రాష్ ఖాళీ చేయాలనిపిస్తుంది, ఎందుకంటే అలా చేస్తేనే చోటు వస్తుంది. ఆ బటన్ నొక్కితే 30 రోజుల గడువుకి అర్థమే లేదు. నాకు ఆరోజు మెయిళ్లు తీసేసే దారి దొరకబట్టి బతికిపోయాను. మీ మెయిల్‌లో తీసేయడానికి ఏమీ లేకపోతే మీ కథ మరోలా ఉండొచ్చు.

ఇంకొకటి, వెనక్కి వచ్చింది చదువుకోవడానికే. ఎక్స్‌పోర్ట్ చేసిన జిప్‌ని తిరిగి వాట్సాప్‌లోకి ఎక్కించి పాత గ్రూపులా చూసుకోవడం నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో కుదరలేదు. నాకు కావాల్సింది ఫొటోలూ వాటి పక్కన మేస్త్రి మాటలూ కాబట్టి సరిపోయింది. చాట్ చాట్‌లాగే కావాలనుకునేవాళ్లకి ఇది సగం పనే.

ఇప్పుడు జిప్ ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో ఉంది. డ్రైవ్‌లో దాన్ని `Old Phone` లోంచి బయటికి తీసి, పేరుకి ముందు "గోడలు" అని చేర్చాను. మిగిలిన రింగ్‌టోన్లనీ వీడియో ముక్కలనీ ఈసారి ఒక్కొక్కటే తెరిచి చూసి తీసేశాను. అవన్నీ ఇప్పుడు ట్రాష్‌లో ఉన్నాయి. స్టోరేజీ మళ్లీ అంచు దాకా వచ్చింది, హెచ్చరిక కూడా వచ్చింది. ఖాళీ చేయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు.