రెండు చెవులు, రెండు ఫోన్లు: హియరింగ్ ఎయిడ్స్‌తో నాలుగేళ్లు

నేను రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. చెవి వెనక కూర్చునే రకం, 312 సైజు బ్యాటరీతో నడుస్తాయి. మొదటి రెండున్నరేళ్లు వాటిని ఐఫోన్‌తో వాడాను. ఏడాదిన్నరగా ఆండ్రాయిడ్‌తో వాడుతున్నాను. మిషన్లు అవే, చెవులూ అవే, ఫోన్ ఒక్కటే మారింది. ఆ ఒక్క మార్పుకి నేను పడ్డ తిప్పలు చూస్తే, ఈ పెయిరింగ్ సంగతి ఎవరైనా ముందే విడమరిచి చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఫోన్ సౌండ్ నేరుగా హియరింగ్ ఎయిడ్‌లోకి రావడం నాకు చాలా పెద్ద సాయం. ఫోన్‌ని చెవికి ఆనించి వినే రోజుల్లో అవతలివాళ్లు చెప్పిన పేర్లు, అంకెలు సగం పోయేవి. ఇప్పుడు మాట రెండు చెవుల్లోనూ ఒకేసారి, నా వినికిడి లోపానికి తగ్గట్టు సరిచేసుకుని వస్తుంది. బయటి రొద కూడా తగ్గుతుంది. కాల్స్ విషయంలో ఈ నాలుగేళ్లలో నాకు ఇంతకన్నా మేలు చేసింది ఇంకోటి లేదు.

ఐఫోన్‌తో మొదటి రోజు నేను చేసిన తప్పు చాలామంది చేసేదే. నేరుగా Bluetooth మెనూలోకి వెళ్లి వెతికాను. నా మిషన్లు మేడ్ ఫర్ ఐఫోన్ రకం, అంటే యాపిల్ సొంత పద్ధతిలో ఐఫోన్‌తో నేరుగా కలిసేవి. వాటిని కలపాల్సింది అక్కడ కాదు. Settings లో Accessibility, దానిలో Hearing Devices. ఆ పేజీ తెరిచి ఉంచి, రెండు మిషన్ల బ్యాటరీ తలుపులూ తెరిచి మూయాలి. రీచార్జి రకమైతే చార్జర్‌లో పెట్టి తీయాలి. అలా ఆన్ అయిన తర్వాత కొద్ది నిమిషాలే అవి కొత్త ఫోన్‌కి దొరుకుతాయి. ఆ సమయం దాటితే మళ్లీ తలుపు తెరిచి మూయడమే.

పేరు కనిపించాక దాన్ని నొక్కితే Pair అని అడుగుతుంది. నేను నొక్కి, పని అయిపోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. కుడి చెవిలో మాత్రమే పాట వచ్చింది. అసలు సంగతి ఏమిటంటే బ్లూటూత్ లెక్కలో ఎడమ మిషన్ ఒక పరికరం, కుడి మిషన్ ఇంకో పరికరం. ఐఫోన్ రెండిటినీ ఒకే పేరు కింద చూపిస్తుంది కానీ అనుమతి మాత్రం రెండుసార్లు అడుగుతుంది. రెండో ప్రశ్న కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేదాకా ఆగి, రెండోసారి కూడా Pair నొక్కాలి. ఆ తర్వాత రెండున్నరేళ్లలో నేను మళ్లీ ఆ పేజీకి వెళ్లాల్సిన అవసరం పెద్దగా రాలేదు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ దానంతట అదే కలిసేది.

ఆండ్రాయిడ్‌కి మారినప్పుడు కథ వేరే. హియరింగ్ ఎయిడ్‌లో ఉండే చిన్న బ్యాటరీ, మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడే పద్ధతిని ఎక్కువసేపు మోయలేదు. అందుకే యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో తక్కువ పవర్ బ్లూటూత్ మీద సొంత పద్ధతి తెచ్చింది. ఆండ్రాయిడ్ వైపు అలాంటిది రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. 2018లో గూగుల్ ‘ఆషా’ అనే పద్ధతిని ప్రకటించింది, ఆండ్రాయిడ్ 10తో అది ఫోన్లలోకి రావడం మొదలైంది. ఇక్కడే మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 10 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉన్నంత మాత్రాన ఆ ఫోన్‌లో ఆషా ఉంటుందని భరోసా లేదు. ఫోన్ తయారుచేసినవాళ్లు దాన్ని పెట్టి ఉండాలి.

నేను కొన్న మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ 12 ఉంది, సరిపోతుందనుకున్నాను. హియరింగ్ ఎయిడ్ కంపెనీ యాప్ వేసుకున్నాను. యాప్ రెండు మిషన్లనూ కనిపెట్టింది, కలిసిందని చూపించింది. యాప్‌లో వాల్యూమ్ పెంచితే చెవిలో పెరుగుతోంది, చోటుకి తగ్గట్టు పెట్టుకునే సౌండ్ ప్రోగ్రామ్ మారుస్తుంటే మారుతోంది. కానీ కాల్ వస్తే మాట ఫోన్ స్పీకర్‌లోంచే వస్తోంది. రెండు రోజులు ఎంత టెన్షన్ పడ్డానో. మిషన్లు పాడయ్యాయేమోనని, వాటిని నా వినికిడికి తగ్గట్టు సరిచేసే ఆడియాలజిస్ట్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. ఆవిడ తన దగ్గరున్న ఇంకో ఫోన్‌తో కలిపి పాట పెట్టారు. రెండు చెవుల్లోనూ చక్కగా వచ్చింది.

అప్పుడు ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. “యాప్‌కి, సౌండ్‌కి దారులు వేరు. యాప్ మీ మిషన్‌కి చిన్న చిన్న ఆదేశాలు మాత్రమే పంపుతుంది. సౌండ్ వెళ్లే దారిని ఫోన్ తెరవాలి. మీ ఫోన్‌లో ఆ దారి లేదండీ.” యాప్‌లో ఆకుపచ్చ గుర్తు వచ్చిందని నమ్మకండి. ఏదైనా పాట పెట్టి, హియరింగ్ ఎయిడ్స్ తీసి టేబుల్ మీద పెట్టండి. ఫోన్‌లోంచే పాట బయటికి వినిపిస్తుంటే స్ట్రీమింగ్, అంటే సౌండ్ నేరుగా మిషన్లలోకి రావడం, లేనట్టే. ఐఫోన్‌లో ఈ రెండు దారులూ ఒకే పెయిరింగ్‌తో తెరుచుకుంటాయి కాబట్టి అవి వేరు అన్న సంగతే నాకు అన్నాళ్లూ తెలియలేదు.

ఆ ఫోన్ వెనక్కిచ్చేసి, మిషన్ల తయారీదారు ఇచ్చే జాబితాలో మోడల్ పేరుతో సహా ఉన్న ఇంకో ఫోన్ తీసుకున్నాను. ఈసారి ముందు యాప్ తెరవలేదు. Settings లో బ్లూటూత్ పరికరాల పేజీకి వెళ్లి Pair new device నొక్కి, బ్యాటరీ తలుపులు తెరిచి మూశాను. ఎడమది ముందు కలిసింది. వెంటనే Pair other ear అని ఒక చిన్న పెట్టె వచ్చింది. దాన్ని తోసేయకుండా అక్కడే కుడిది కలపాలి. రెండూ కలిశాకే యాప్ తెరిచాను. నా మిషన్ల వరకు ఈ వరస తిరగబడితే, అంటే ముందు యాప్‌తో కలిపితే, సౌండ్ దారి తెరుచుకోకుండా మొరాయించేది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లలో Accessibility కింద కూడా Hearing devices అనే పేజీ ఉంది. అక్కడినుంచి మొదలుపెడితే ఇంకా సులువు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఓ వారం తర్వాత కొత్త సమస్య వచ్చిపడింది. ఇంట్లో ఉన్నప్పుడు కుడి చెవిలో సౌండ్ రాదు. బయటికెళ్తే రెండు చెవుల్లోనూ వస్తుంది. మొదట కుడి మిషన్ బ్యాటరీ మార్చాను, లాభం లేదు. ఫోన్ రీస్టార్ట్ చేశాను, పెయిరింగ్ తీసేసి మళ్లీ చేశాను. ఒక పూట బాగుండేది, ఇంట్లో బ్యాటరీ మార్చగానే మళ్లీ అదే కథ.

ఇంట్లోనే ఎందుకు జరుగుతోందని ఆలోచిస్తే దొరికింది. పాత ఐఫోన్‌లో సిమ్ తీసేసి, అలారం కోసం మంచం పక్కన పెట్టుకున్నాను. దాని బ్లూటూత్ ఆన్‌లోనే ఉంది. దాని Hearing Devices పేజీలో నా మిషన్లు ఇంకా అలాగే ఉన్నాయి. బ్యాటరీ మార్చి మిషన్ ఆన్ చేయగానే అది తెలిసిన ఫోన్‌ కోసం చూస్తుంది, ముందు పలికిన ఫోన్‌కి అతుక్కుంటుంది. కుడిది పాత ఐఫోన్‌కి, ఎడమది కొత్త ఫోన్‌కి పోతోందన్నమాట. ఐఫోన్‌లో Forget This Device నొక్కి, రెండు మిషన్లనూ ఆఫ్ చేసి ఆన్ చేశాక ఆ సమస్య పోయింది. ఫోన్ మార్చేవాళ్లు కొత్తదాంట్లో కలిపే ముందు పాతదాంట్లో, ట్యాబ్ ఉంటే దాంట్లో కూడా, మిషన్లను తీసేయండి. ఒక చెవిలో సౌండ్ పోవడం చోటుని బట్టి మారుతుంటే మిషన్‌ని అనుమానించే ముందు ఆ చోట ఇంకే ఫోన్ ఉందో చూడండి.

ఒక చెవిలో సౌండ్ తెగిపోవడానికి ఇంకో కారణం మన ఒళ్లే. మిషన్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని శరీరం బాగా అడ్డుకుంటుంది. ఫోన్ ప్యాంటు ఎడమ వెనక జేబులో పెట్టుకుని నడుస్తుంటే కుడి చెవిలో మాట ముక్కలవుతుంది. చొక్కా జేబులోకి మారిస్తే ఆగిపోతుంది. ఇది రెండు ఫోన్లతోనూ ఒకటే.

కాల్స్‌లో మన గొంతు ఎక్కడినుంచి వెళ్తుందో కూడా తెలుసుకోవాలి. నా మిషన్లతో ఏ ఫోన్ వాడినా అవతలి గొంతు చెవిలోకి వస్తుంది గానీ, నా గొంతు ఫోన్ మైక్ నుంచే వెళ్తుంది. ఫోన్ పక్క గదిలో పెట్టి మాట్లాడలేం, నోటికి దగ్గరగా పట్టుకోవాలి. కొత్త మిషన్లు కొన్ని, ఐఫోన్ 11 నుంచి ఆ పైవాటితో, చెవి దగ్గరి మైక్‌తోనే మాట్లాడనిస్తాయి. ఇవి కాక మామూలు హెడ్‌సెట్‌లాగా క్లాసిక్ బ్లూటూత్‌తో కలిసే మిషన్లు కూడా ఉన్నాయి. వాటికి ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా Bluetooth మెనూలోనే పెయిరింగ్. కాబట్టి కొనేముందు ఆడియాలజిస్ట్‌ని “బ్లూటూత్ ఉందా” అని కాకుండా, “ఏ రకం బ్లూటూత్, నా ఫోన్ మోడల్‌తో సౌండ్ వస్తుందా, నా గొంతు ఏ మైక్ నుంచి వెళ్తుంది” అని అడగండి. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఎల్ఈ ఆడియో అనే ఇంకో కొత్త పద్ధతి కూడా ఉంది. దానికీ ఫోన్, మిషన్ రెండూ సిద్ధంగా ఉండాల్సిందే.

సౌండ్ నాణ్యతలో నాకు రెండు ఫోన్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు. మాటలు చాలా స్పష్టంగా ఉంటాయి. పాటల్లో మాత్రం మృదంగం, తబలా బరువు ఉండదు. నా మిషన్లకి చెవి లోపల కూర్చునే, చిల్లులున్న మెత్తని డోమ్‌లు ఉన్నాయి, లోతైన శబ్దం ఆ చిల్లుల్లోంచి బయటికి పోతుంది. అది ఫోన్ తప్పు కాదు, సెట్టింగ్స్‌తో పూర్తిగా తీరేది కూడా కాదు. బ్యాటరీ విషయానికొస్తే, స్ట్రీమింగ్ తక్కువగా ఉన్న వారాల్లో నాకు ఏడు రోజులు వస్తుంది, రోజుకి రెండు మూడు గంటలు కాల్స్ ఉంటే ఐదు రోజులే.

ఐఫోన్‌లో నేను వదులుకోలేకపోయింది ఒకటి ఉంది. దాని పేరు Live Listen. ఫోన్‌ని మాట్లాడేవాళ్ల ముందు పెడితే అది మైక్‌లా పనిచేసి వాళ్ల మాటని నా చెవిలో వేస్తుంది. పెద్ద టేబుల్ చుట్టూ పదిమంది కూర్చున్న మీటింగ్‌లో దానికి సాటి లేదు. అందుకే పాత ఐఫోన్‌ని మళ్లీ పెయిర్ చేసుకున్నాను. మీటింగ్ ఉన్న రోజు ఆండ్రాయిడ్ బ్లూటూత్ ఆపి, ఐఫోన్‌ది ఆన్ చేస్తాను. పని అయ్యాక Settings లోకి వెళ్లి ఐఫోన్ బ్లూటూత్‌ని పూర్తిగా ఆపుతాను. పై నుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో ఆపితే మర్నాడు పొద్దున 5 గంటలకి దానంతట అదే మళ్లీ కలవడం మొదలుపెడుతుంది. అలా ఆపిన ఒక రోజు పొద్దున్నే నా కుడి చెవి మళ్లీ మూగబోయింది.