గ్రానైట్ కొంటున్నారా? షాపులో రాసే కొలత వేరు, ఫ్లోర్ మీద పడే కొలత వేరు

కొత్త ఇల్లు కడుతూ హాలుకి గ్రానైట్ తీసుకోబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క షాపు సంగతి కాదు, చాలా యార్డుల్లో లెక్క ఇలాగే వేస్తారని మా మేస్త్రీ చెప్పాడు.

మా హాలు 32 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. అంటే 576 చదరపు అడుగులు, ఇందులో గొడవేమీ లేదు. తీసుకున్నది టాన్ బ్రౌన్, కరీంనగర్ వైపు నుంచి వచ్చే రాయి, చదరపు అడుగు 140 రూపాయలకి మాట్లాడుకున్నాం. షాపాయన కాలిక్యులేటర్ తీసి, "సార్, ఫ్లోర్ 576, గోడల అడుగున పట్టీ, అదే స్కర్టింగ్, చుట్టూ 100 అడుగులు, అర అడుగు చొప్పున 50, మొత్తం 626. దాని మీద 20 శాతం వేస్టేజీ అందరికీ వేసేదే. 751 వస్తోంది, మీకు 30 స్లాబులు ఇచ్చేస్తా, సరిపోతాయి" అన్నాడు. ఒక్కో స్లాబు 9 అడుగులు × 2 అడుగుల 9 అంగుళాలు, అంటే 24.75. బిల్లు 742.5 చదరపు అడుగులకి అయింది. పైగా "మీకోసం తగ్గించా" అని ఒక మాట.

సరుకు దిగాక మా మేస్త్రీ టేపు పెట్టాడు. పొడవు 9 అడుగులు ఉన్నమాట నిజమే, కానీ ఒక మూల నుంచి ఎదురు మూలలో బయటికి పొడుచుకొచ్చిన ముక్కు దాకా కొలిస్తేనే. చివర్లు విరిగి వంకరగా ఉన్నాయి, మట్టానికి కోస్తే మిగిలేది 8 అడుగుల 9 అంగుళాలు. వెడల్పులో రెండు అంచులూ గరుకుగా ఉన్నాయి, అవి తీసేస్తే 2 అడుగుల 7 అంగుళాలు. ఇంచుమించు అన్నీ అంతే. ఒక్కో స్లాబులో పనికొచ్చే రాయి 22.6 చదరపు అడుగులు, 30 స్లాబులకి 678. బిల్లుకీ దీనికీ తేడా 64.5 అడుగులు, డబ్బులో 9,030 రూపాయలు. ఫోన్ చేస్తే "రఫ్ కొలతే సార్, ఇక్కడ అందరూ అంతే కొలుస్తారు, అందుకేగా వేస్టేజీ వేసింది" అన్నాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. అంచు కోతని కొలతలో ఒకసారి తీసుకుని, మళ్లీ వేస్టేజీ అని 20 శాతంలో ఇంకోసారి తీసుకున్నాడు. రఫ్ కొలత మీద డబ్బు తీసుకుంటే అంచులు మన ఖాతాలో పడినట్టే, మళ్లీ వాటి పేరు చెప్పి అదనపు స్లాబులు అంటగట్టకూడదు కదా.

డబ్బు కంటే పెద్ద టెన్షన్ ఇంకోటి. షాపాయన "18 అడుగుల వెడల్పుకి 9 అడుగుల స్లాబులు రెండు, లెక్క ఫిట్" అని చెప్పి అమ్మాడు. 8 అడుగుల 9 అంగుళాలవి రెండు పెడితే వచ్చేది 17న్నర. ప్రతి వరుసలోనూ గోడ దగ్గర అర అడుగు ఖాళీ, 32 అడుగుల పొడవునా. అక్కడ ఆరంగుళాల పట్టీ వేస్తే హాల్లోకి అడుగుపెట్టగానే అదే కనిపిస్తుంది. రెండు వైపులా మూడేసి అంగుళాలు బ్లాక్ బోర్డర్ వేసుకోండి అని షాపు సలహా, ఆ బ్లాక్ కూడా వాళ్ల దగ్గరే కొనాలి మరి.

మా మేస్త్రీ స్లాబుల్ని అడ్డంగా కాకుండా హాలు పొడవు వెంట తిప్పి చూశాడు. 18 అడుగులంటే 216 అంగుళాలు, 31 అంగుళాల వరుసలు ఏడు వేస్తే 217, చివరి వరుసలో ఒక అంగుళం చెక్కితే చాలు. ఏడు వరుసలు × 32 అడుగులు, మొత్తం 224 అడుగుల పొడవు. ఒక వరుసలో మిగిలిన ముక్కతో పక్క వరుస మొదలుపెడుతూ పోతే 26 స్లాబుల్లో ఫ్లోర్ అయిపోయింది. జాయింట్లు ఒకే గీతలో రావు, ఇటుక గోడలా తప్పుకుంటూ వస్తాయి, అది ఇష్టం లేనివాళ్లకి ఈ పద్ధతి కుదరదు. మాకు పర్వాలేదనిపించింది.

ఇక స్కర్టింగ్. చుట్టుకొలత 100 అడుగులు సరే, కానీ మెయిన్ డోర్, రెండు బెడ్‌రూమ్ గుమ్మాలు, కిచెన్ ఓపెనింగ్, బాల్కనీ స్లైడింగ్ కలిపి 22 అడుగుల దగ్గర గోడే లేదు. గుమ్మాల పక్క మలుపులు కలుపుకున్నా 80 దాటదు. ఎత్తు మేం వేసింది 4 అంగుళాలు, ఆయన లెక్కేసింది 6. 80 అడుగులు నాలుగంగుళాల చొప్పున 27 చదరపు అడుగులే అవుతుంది, 50 కాదు. అదీ మొత్తం కొత్త స్లాబుల్లోంచి కోయనక్కర్లేదు. ఒక స్లాబులో బ్లేడు మందం పోగా ఏడు పట్టీలు వస్తాయి, అంటే 61 అడుగులు, మిగతావి ఇరవై ఆరో స్లాబు చివర మిగిలిన ముక్కలోంచి వచ్చేశాయి. (మేస్త్రీ కూలీ కూడా రన్నింగ్ అడుగు లెక్కే కాబట్టి గుమ్మాలు తీసేసి కొలిచారో లేదో అక్కడా చూసుకోండి.)

అంతా కలిపి 27 స్లాబులు. పాలిష్ అప్పుడో, తర్వాత ప్లంబింగ్ పనికో ఒకటి పగిలితే మళ్లీ అదే రంగు దొరకదు, లాటు మారితే షేడ్ మారుతుంది, కాబట్టి ఒకటి స్పేర్ ఉంచుకోవాల్సిందే. 28 స్లాబులంటే అసలు కొలతలో 633 చదరపు అడుగులు. ఫ్లోరూ స్కర్టింగూ కలిపిన 603 మీద అది 5 శాతం. 20 శాతం ఎక్కడా లేదు. మిగిలిన రెండు స్లాబులు వెనక్కి తీసుకోమంటే "కోసిన లాటు సార్, రిటర్న్ ఉండదు" అన్నారు.

కొనబోయేవాళ్లకి చెప్పేది ఒక్కటే, "వేస్టేజీ ఎంత శాతం" అని అడగొద్దు, "కోత పోగా సైజు ఎంత" అని అడగండి. వెడల్పు రెండు చివర్లా, మధ్యలో కొలిచి తక్కువున్నది తీసుకోండి. పొడవు విరిగిన మూలల లోపలి నుంచి కొలవండి. వరుసలో ముందు నిలబెట్టినవి బాగుంటాయి, వెనకవి కూడా జరిపించి చూడండి, ఎంచుకున్న ప్రతి స్లాబు మీదా మీ నంబరు మీరే వేయండి. ఆ సైజుతో మేస్త్రీని పొడవుగా, అడ్డంగా రెండు రకాలుగా లెక్క వేయించాకే ఎన్ని స్లాబులో చెప్పండి. మా హాలు లాంటి 18 అడుగులకి అడ్డంగానే వేయాలంటే కోత పోగా 9 అడుగుల పైన ఒక అంగుళమైనా ఉన్నవి కావాలి, లేదా 6 అడుగుల పైన ఉన్నవి వరుసకి మూడు. బిల్లు మీద 2.9 అని రాసి ఉంటే అది 2 అడుగుల 9 అంగుళాలా అని అడగండి, 2.9 అనే కాలిక్యులేటర్‌లో కొట్టేస్తే 2.75 కాస్తా 2.9 అయిపోయి స్లాబుకి అడుగు పైనే పెరుగుతుంది.

మార్బుల్ తీసుకునేవాళ్లు ఈ 5 శాతం లెక్క పెట్టుకోకండి. అందులో సన్న చీలికలుంటాయి, కోసేటప్పుడు, దించేటప్పుడు విరుగుతాయి, పైగా గీతలు కలవాలంటే కొన్ని ముక్కలు పక్కన పెట్టేయాల్సి వస్తుంది. దానికి ఎక్కువే కావాలి, కానీ అది కూడా స్లాబులు చూసి మేస్త్రీ చెప్పాలి గానీ షాపాయన కాదు.