పొరబడే చోటు: మా బడి పాఠ్యప్రణాళిక నమూనాను రెండేళ్లకు పైగా వాడిన తర్వాత

2023 జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే ఒక శనివారం సాయంత్రం మా ప్రధానోపాధ్యాయురాలు స్టాఫ్‌రూమ్‌లో అందరినీ కూర్చోబెట్టి అరగంట సేపు మాట్లాడారు. బడి మొత్తానికీ ఒకే పాఠ్యప్రణాళిక నమూనా ఉండాలని, ఆ ఏడాది నుంచే అన్ని సబ్జెక్టుల వారూ దాన్నే వాడాలని చెప్పడానికి ఏర్పాటు చేసిన సమావేశమది. నేను హనుమకొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. ఆ సాయంత్రం విన్న మాటల్లో ఏవి తరగతి గదిలో నిలిచాయో, ఏవి నిలవలేదో చెప్పగలిగేంత కాలం ఆ నమూనాతో పని చేశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మేడమ్ జీవశాస్త్రం టీచరుగా పని చేసి వచ్చినవారు. ప్రసంగం మొదట్లోనే తన పాత పీరియడ్ ప్లాన్ పుస్తకం తెరిచి మాకు చూపించారు. అందులో లక్ష్యాలు, బోధనోపకరణాలు, విద్యాప్రమాణాలు అన్నీ చక్కటి దస్తూరిలో ఉన్నాయి. "కిరణజన్య సంయోగక్రియ చెప్పిన ప్రతి ఏడూ, మొక్క తన ఆహారాన్ని మట్టిలో నుంచి తీసుకుంటుందనే కొందరు పిల్లలు పరీక్షలో రాశారు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఈ పుస్తకంలో ఒక్క పేజీలో కూడా దాన్ని రాసుకోలేదు. అందుకే ప్రతి ఏడూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను" అన్నారు. ఆ తర్వాత ఒక్క పేజీ నమూనాను అందరికీ పంచారు.

అందులోని గడుల్లో చాలావరకు ఏ టీచరుకైనా తెలిసినవే. పీరియడ్ అయ్యేసరికి పిల్లలు చేయగలగాల్సిన పని, దానికి ముందే తెలిసి ఉండాల్సిన విషయం, బోధన క్రమం, మరుసటి రోజుకు మార్పు వంటివి ఉన్నాయి. వాటి గురించి నేను ఎక్కువ చెప్పను. కొత్తగా వచ్చినవి రెండే. మూడో గడి పేరు "పొరబడే చోటు": ఈ పాఠంలో పిల్లలు ఏమని పొరబడతారో, అలా ఎందుకు అనుకుంటారో పాఠం చెప్పక ముందే రాయాలి. ఐదో గడి పేరు "చివరి ప్రశ్న": పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో ఒక ప్రశ్న అడిగి, జవాబును చిట్టీ మీద రాయించుకుని తీసుకోవాలి. ఈ రెండు గడులూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలని, మూడో గడిలో రాసిన పొరపాటు తరగతిలో ఇంకా మిగిలి ఉందో లేదో ఐదో గడిలోని ప్రశ్న తేల్చాలని మేడమ్ నొక్కి చెప్పారు. ఆ ప్రసంగంలో నాకు ఎక్కువగా నచ్చిన మాట అదే. నన్ను దెబ్బతీసింది కూడా అక్కడే.

ఆరో తరగతిలో దశాంశ సంఖ్యలను పోల్చడం అనే పాఠం వచ్చింది. 0.6, 0.45 ఇస్తే 45 పెద్దది కాబట్టి 0.45 పెద్దదనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. అప్పటి దాకా పూర్ణాంకాల్లో అంకెలు ఎక్కువ ఉన్నదే పెద్దదని నేర్చుకున్నారు కాబట్టి చుక్క తర్వాతి భాగాన్ని కూడా అలాగే చదువుతారు. మూడో గడిలో ఈ విషయమే రాశాను. దాన్ని సరిచేయడానికి చుక్క తర్వాత మొదటిది పదో వంతుల స్థానమని, రెండోది వందో వంతుల స్థానమని, పదో వంతు కంటే వందో వంతు చాలా చిన్న ముక్కని ఆ పీరియడ్‌లో పదేపదే చెప్పాను. చివరి ప్రశ్నగా 0.6, 0.45లలో ఏది పెద్దదని అడిగాను. 34 చిట్టీల్లో 28 సరైనవి వచ్చాయి. నాకు చాలా సంతోషం కలిగింది. తర్వాత జరిగిన స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ నమూనా గురించి నేనే లేచి మెచ్చుకుంటూ మాట్లాడాను. పిల్లలకు ఏం అర్థమైందో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుందని కూడా చెప్పాను.

కొన్ని వారాల తర్వాత నిర్మాణాత్మక మూల్యాంకనంలో 0.6, 0.45, 0.73 ఇచ్చి ఆరోహణ క్రమంలో రాయమన్నాను. సరిగా రాసినవారు 19 మంది. నలుగురు 0.6, 0.45, 0.73 అని రాశారు. వాళ్లది నాకు తెలిసిన పాత పొరపాటే. మిగిలిన 11 మంది 0.45, 0.73, 0.6 అని రాశారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో మొదట నాకు అర్థం కాలేదు. చిట్టీలు తీసి చూస్తే ఆ 11 మందీ ఆ రోజు నా చివరి ప్రశ్నకు సరైన జవాబు రాసినవాళ్లే.

వాళ్లలో ఒక అమ్మాయిని పిలిచి, 0.73 కంటే 0.6 ఎట్లా పెద్దదైందని అడిగాను. ఆమె ఏమాత్రం తడుముకోకుండా, "0.73ల వందో వంతులున్నయి గద సార్. వందో వంతంటే చిన్న ముక్క అని మీరే చెప్పిండ్రు. 0.6ల అన్నీ పదో వంతులే, అవి పెద్ద ముక్కలు" అంది. ముక్క పరిమాణం గురించి నేను చెప్పినదాన్ని ఆమె జాగ్రత్తగానే విన్నది. ఆ ముక్కలు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలనే సగం మాట నా బోధనలోనే తగ్గిపోయింది. ఒక పొరపాటును తీసేయబోయి నేనే ఇంకొకదాన్ని నాటాను. అంకెలు తక్కువ ఉన్నదే పెద్దదని నమ్మే పిల్లలు 0.6, 0.45 జతకు తప్పు కారణంతోనే ఒప్పు జవాబు రాస్తారు. అందువల్ల నా చివరి ప్రశ్న వాళ్లను పట్టుకోలేకపోయింది.

మరుసటి వారం మేడమ్ దగ్గరికి వెళ్లి జవాబు పత్రాలు చూపించాను. ఐదో గడిలో ఒక్క ప్రశ్నకే చోటు ఉండటం సరిపోదని చెప్పాను. ఆమె ఆ 11 కాగితాలనూ ఒక్కొక్కటిగా చూసి, "ఒక ప్రశ్న చాలని నేనే చెప్పాను. అది తప్పే. రెండు ప్రశ్నలు పెట్టండి, ఒకదానికొకటి ఎదురు ఉండేటట్టు" అన్నారు. తర్వాతి సారి అచ్చు వేసిన కాగితాల్లో ఆ గడిని రెండుగా చీల్చారు.

అప్పటి నుంచి దశాంశాలకు రెండు జతలు ఇస్తున్నాను: 0.6, 0.45 ఒకటి, 0.6, 0.73 ఇంకొకటి. చిట్టీలు వచ్చాక మార్కులు వేయను, కుప్పలుగా వేరు చేస్తాను. మొదటిది తప్పై రెండోది ఒప్పయితే, అంకెలు ఎక్కువ ఉన్నదే పెద్దదనుకునే పిల్లలు. మొదటిది ఒప్పై రెండోది తప్పయితే, అంకెలు తక్కువ ఉన్నదే పెద్దదనుకునే పిల్లలు. రెండూ ఒప్పయినవాళ్లు ఒక కుప్ప. ఈ పనికి నాకు ఏడెనిమిది నిమిషాలకు మించి పట్టదు. మరునాడు ఎవరికి ఏం చెప్పాలో ముందే తెలిసి ఉంటుంది.

రెండో కుప్పలోని పిల్లలకు పనికొచ్చిన ఉదాహరణ ఇంటి నుంచే దొరికింది. మా ఊళ్ల నుంచి పత్తి, మిర్చి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కే పోతాయి. అక్కడ సరుకు అమ్మాక తూకం, ధర రాసి ఇచ్చే తక్‌పట్టీ ఇళ్లలో పిల్లలు చూసేదే. క్వింటాలంటే వంద కిలోలని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 0.6 క్వింటాలు, 0.73 క్వింటాలు ఎన్నెన్ని కిలోలని అడిగితే అరవై, డెబ్బై మూడు అని వెంటనే చెప్పి, తాము రాసిన జవాబును తామే కొట్టేసుకున్నారు. అయితే కిలోల్లోకి మార్చగానే మళ్లీ పూర్ణాంకాలే అవుతాయి కాబట్టి, పెద్దది ఏదో తెలుస్తుంది గానీ 0.73లో ఏడు పదో వంతులు ఇమిడి ఉన్నాయని కనిపించదు. దానికి పది అడ్డం, పది నిలువు గడుల కాగితమే కావాలి. 0.6కు ఆరు నిలువు వరుసలు రంగు వేయించి, 0.73కు ఏడు వరుసలూ పక్కన మూడు గడులూ వేయించాక ఆ అమ్మాయి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. 0.6 చివర సున్న చేర్చి 0.60గా రాసి పోల్చే కిటుకు మాత్రమే నేర్చినవాళ్లను, 0.6కూ 0.7కూ మధ్య ఏదైనా సంఖ్య ఉందా అని అడిగితే, లేదంటారు. ఆ ప్రశ్న కూడా ఇప్పుడు నా ప్రణాళికలో ఉంది.

ఈ నమూనా ఉపాధ్యాయులకు ఎట్లా సాయపడుతుందో చెబుతూ, మనం సెలవులో ఉన్నా మన పాఠం ఆగదని మేడమ్ ఆ రోజు అన్నారు. అప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2024 డీఎస్సీలో ఎంపికై మా బడికి వచ్చిన గణితం టీచరమ్మ, నేను వారం రోజులు శిక్షణకు వెళ్లినప్పుడు నా ఆరో తరగతి తీసుకున్నారు. నేను తిరిగి వచ్చేసరికి చిట్టీలు మూడు కుప్పలుగా కట్టి, ఏ కుప్పలో ఎవరున్నారో, మరుసటి రోజుకు మార్పు రాసే ఆరో గడిలో రాసి పెట్టారు. దాంతో పాఠం ఎక్కడ ఆగిందో వెతుక్కోవాల్సిన పని లేకుండా మరుసటి పీరియడ్ మొదలుపెట్టగలిగాను.

కాంప్లెక్స్ సమావేశంలో నేను చెప్పిన మాటను మాత్రం ఇప్పుడు కొంత సవరించుకోవాలి. పిల్లలకు ఏం అర్థమైందో ఈ కాగితం దానంతటది చెప్పదు. పొరపాటు ముందే తెలిసిన పాఠాల్లో అది బాగా పనిచేస్తుంది. మొదటిసారి చెప్పే పాఠంలో మూడో గడి ఊహతోనే నిండుతుంది. మొదటి ఏడాది నేను అందులో రాసినవాటిలో చాలా వరకు తర్వాత కొట్టేశాను. రాతపని కూడా తక్కువేమీ కాదు. రోజుకు అయిదారు పీరియడ్లు ఉన్నవారు ప్రతి పీరియడ్‌కూ దీన్ని నింపలేరు. మొదటి రెండు నెలలు అందరం అలా ప్రయత్నించి అలసిపోయాక, తరగతికి వారానికి ఒక్క ప్రణాళికే పూర్తిగా రాస్తే చాలని మేడమ్ ఒప్పుకున్నారు. మా తెలుగు సార్‌కు పద్యం పాఠంలో మూడో గడి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది. పద్య భావం చెప్పేటప్పుడు పిల్లలు పొరబడేది ఒక్క చోట కాదని ఆయన అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది.

నా సంగతి వేరు. ఒకే తరగతికి రెండు సెక్షన్లు చెబుతాను కాబట్టి, ఒక సెక్షన్‌లో తెలిసిన పొరపాటును మరునాడే రెండో సెక్షన్‌లో సరిచేసుకునే వీలు నాకుంది. పక్క మండలంలో అయిదు తరగతులనూ ఒక్కడే చూసుకునే నా మిత్రుడికి ఈ కాగితం ఇస్తే, మిగతా గడులన్నీ వదిలేసి మూడో గడిని, ఐదో గడిని మాత్రమే పాత నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. అదీ లెక్కలకు మాత్రమే.