చిన్న ఆన్‌లైన్ చీరల షాపుకు వారం డ్యాష్‌బోర్డు: చివరికి మిగిలిన మూడు అంకెలు

మంగళగిరి కాటన్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న షాపు మాది. ఆర్డర్లలో ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీవే. గూగుల్ షీట్స్‌లో చేసుకున్న డ్యాష్‌బోర్డును కొన్నేళ్లుగా ప్రతి సోమవారం పొద్దున చూస్తున్నాను. ఇప్పుడు అందులో మూడు అంకెలే ఉన్నాయి: ఖర్చులన్నీ పోగా మిగిలిన డబ్బు, సీఓడీ పార్శిళ్లలో డెలివరీ కాకుండా తిరిగొచ్చిన శాతం, ఉన్న స్టాకు ఎన్ని వారాలకు వస్తుందనేది. ఫాలోవర్లు, సైట్‌కి వచ్చినవాళ్ల సంఖ్య లాంటివి తీసేశాను. అవి పెరిగినా తగ్గినా సోమవారం నేను చేసే పని మారడం లేదు.

వీటిలో తిరిగొచ్చిన పార్శిళ్ల శాతమే మాకు ప్రాణం. కొరియర్ వాళ్లు దీన్నే ఆర్‌టీఓ అంటారు. ఒక లెక్క చూడండి. వారంలో 80 పార్శిళ్లు పంపామనుకుందాం, జీఎస్టీ పోగా చీర 1,200 రూపాయలు. ఆర్డర్ల లెక్కన అమ్మకం 96,000. యాడ్స్‌కి 12,000 పెట్టాం కాబట్టి రూపాయికి ఎనిమిది రూపాయల అమ్మకం, చూడ్డానికి చాలా బాగుంటుంది. ఆ యాడ్స్ ఖర్చుతో పాటు ఒక్కో చీరకు కొన్న ధర 700, ప్యాకింగ్ 30, కొరియర్ 80 చొప్పున తీసేస్తే 19,200 మిగలాలి. కానీ 60 సీఓడీ పార్శిళ్లలో 15, ముందే డబ్బు కట్టిన 20లో ఒకటి తిరిగొచ్చాయి. అప్పుడు చేతికొచ్చేది 64 చీరల డబ్బు, అంటే 76,800. ప్యాకింగ్, కొరియర్ మాత్రం 80కీ కట్టాం. తిరుగు ప్రయాణానికి 80 చొప్పున ఇంకో 1,280. అన్నీ పోగా మిగిలేది 9,920. తిరిగొచ్చిన చీరలన్నీ మళ్లీ అమ్ముడుపోయే స్థితిలో ఉన్నాయనుకుంటేనే ఈ అంకె. యాడ్స్ పేజీలో మాత్రం ఆ ఎనిమిది అలాగే కనిపిస్తూ ఉంటుంది.

ఈ శాతాన్ని పార్శిల్ తిరిగొచ్చిన వారంలో కాదు, పంపిన వారం కింద లెక్కించాలి. మా షీట్‌లో `Orders` ట్యాబ్‌లో B కాలమ్ పంపిన వారం, C చెల్లింపు, D స్టేటస్. డ్యాష్‌బోర్డులో A2 దగ్గర వారం మొదటి తేదీ ఉంటుంది.

```
=COUNTIFS(Orders!B:B,A2,Orders!C:C,"COD",Orders!D:D,"RTO")
 /COUNTIFS(Orders!B:B,A2,Orders!C:C,"COD")
```

ఇందులో ఒక చిక్కుంది. చేరాల్సిన పార్శిల్ నాలుగైదు రోజుల్లో చేరిపోతుంది. చేరనిది రెండు మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లి, ఆ తర్వాతే వెనక్కి బయల్దేరుతుంది. అందుకే పోయిన వారం శాతం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. దాన్ని చూసి యాడ్స్ ఖర్చు పెంచకూడదు. నేను మూడు వారాల కిందటి వరుస చూసి నిర్ణయం తీసుకుంటాను, కొత్త వరుసలకు బూడిద రంగు వేసి ఉంచుతాను. సీఓడీ శాతం 25 దాటితే ఆ వారం పిన్‌కోడ్‌ల వారీగా చూస్తాను. ఎక్కువగా తిరిగొచ్చే చోట్లకు ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే పంపుతాం. ముందే డబ్బు కట్టిన ఆర్డర్లకు మాత్రం వారం శాతం చూడను. 20 పార్శిళ్లలో ఒక్కటి తిరిగొస్తేనే అది ఐదు శాతం అయిపోతుంది, కాబట్టి నాలుగు వారాలు కలిపి చూస్తాను. వారంలో వచ్చిన ఆర్డర్ల సంఖ్యా అంతే. ఏ మార్పూ చేయకపోయినా ఒక వారం 70 ఆర్డర్లు, మరో వారం 90 రావడం మామూలే. ఆ తేడాకి కారణం వెతుక్కుంటూ టెన్షన్ పడటం దండగ.

స్టాకు అంకె సులువే. బాగా అమ్ముడయ్యే రంగుల్లో ఉన్న చీరల్ని గత నాలుగు వారాల సగటు అమ్మకంతో భాగిస్తాను. మగ్గం నుంచి కొత్త సరుకు రావడానికి మూడు వారాలు పడుతుంది కాబట్టి నాలుగు వారాల కన్నా తగ్గిన రంగుకి ఆర్డర్ పెట్టేస్తాను. ఇది పండగల ముందు మాత్రం పనిచేయదు, ఆషాఢం సగటుతో శ్రావణానికి స్టాకు తెప్పిస్తే చాలదు. పోయిన ఏడాది అదే తేదీతో పోల్చినా కుదరదు. వరలక్ష్మీ వ్రతం 2023లో అధిక శ్రావణం వల్ల ఆగస్టు 25న వచ్చింది, 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న. అందుకే తేదీ పక్కన ఇంకో కాలమ్ పెట్టి ‘వ్రతానికి మూడు వారాల ముందు’, ‘రెండు వారాల ముందు’ అని రాస్తాను. పోయిన ఏడాది అదే మాట ఉన్న వరుసతో పోల్చి నేతవాళ్లకు ఎన్ని చీరలు చెప్పాలో తేల్చుకుంటాను.