సొంత లారీ, నాలుగేళ్లు, 3 లక్షల కిలోమీటర్లు: కిలోమీటరుకు నాకు నిజంగా ఎంత పడింది

చిత్తూరులో ఆరు టైర్ల లారీ కొని, నేనే నడుపుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. పది టన్నుల లోడు ఎత్తే బండి. చేతి నుంచి కొంత కట్టి, మిగతా 20 లక్షలు ఫైనాన్స్ తీసుకున్నాను. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు, నెలకు 43,500 కంతు. మీటరు మొన్ననే 3 లక్షలు దాటింది. బండి ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్తాను, ఇంతవరకు ఇంజిన్ విప్పే పని పడలేదు. కానీ లారీ కొనాలనుకునేవాళ్లు బండి సంగతి కన్నా ముందు ఖాళీ తిరుగు ప్రయాణం సంగతి తెలుసుకోవాలి. మొదటి రెండేళ్లు నన్ను ముంచింది అదే.

అప్పట్లో నా లెక్క చాలా సులువు. వచ్చిన బాడుగలోంచి డీజిల్, టోల్ తీసేస్తే మిగిలింది నాదే అనుకునేవాణ్ణి. ట్రిప్పు ట్రిప్పుకీ జేబులో డబ్బులు కనిపించేవి. నెలాఖరుకు కంతు, ఏడాదికోసారి ఇన్సూరెన్స్ కట్టేసరికి ఇంటికి ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. రెండేళ్లు ఇంట్లో సరుకులు మా ఆవిడ పాల డబ్బులతోనే వచ్చాయి. ఆమే ఒకరోజు నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టి, "ప్రతి రూపాయీ రాయి, ఎక్కడ పోతోందో చూద్దాం" అంది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ క్యాబిన్‌లో సీటు వెనకాల ఉంటుంది.

రాయడం మొదలుపెట్టాక ఖర్చు రెండు రకాలుగా విడిపోయింది. చక్రం తిరిగినా తిరగకపోయినా పడేది ఒకటి. కంతు 43,500, ఇన్సూరెన్స్, టాక్స్, పర్మిట్, ఫిట్‌నెస్ అన్నీ నెలకు పంచితే 9,000, నా జీతం 25,000. సొంత బండికి జీతమేమిటని చాలామంది అడుగుతారు. రేపు నాకు జ్వరమొచ్చి ఇంకో డ్రైవర్‌ని పెడితే అతనికి ఇవ్వాల్సిందే కదా. మొత్తం 77,500, అంటే బండి షెడ్డులో ఉన్నా రోజుకు దాదాపు 2,600.

తిరిగితేనే పడేది రెండోది. నా బండి లోడుతో లీటరుకు ఐదున్నర, ఖాళీగా ఏడు కిలోమీటర్లు ఇస్తుంది. పొగలో విషవాయువులు తగ్గించడానికి పోసే యాడ్‌బ్లూతో కలిపి డీజిల్‌కు కిలోమీటరుకు 16 రూపాయలు, టోల్ 3, టైర్లు, అరిగినవాటికి కొత్త రబ్బరు వేయించే రీబటన్‌తో సహా, ఒకటిన్నర, రిపేర్లు 2, బత్తా, పార్కింగ్, చిల్లర ఖర్చులు ఒకటిన్నర. అంతా కలిపి 24.

మొదటి రెండేళ్లు నెలకు 5,500 కిలోమీటర్లు తిరిగాను, అందులో లోడుతో తిరిగింది నూటికి 64 మాత్రమే. నెల ఖర్చు 77,500ను 5,500తో భాగిస్తే 14 రూపాయలు. దానికి 24 కలిపితే 38. బాడుగ నాకు సగటున 52 వచ్చేది కాబట్టి కిలోమీటరుకు 14 మిగులుతోందనుకున్నాను. నా తప్పంతా అక్కడే ఉంది. ఆ 52 లోడున్న కిలోమీటరుకే వస్తుంది, 38 మాత్రం ప్రతి కిలోమీటరుకూ పడుతుంది. ఖాళీ దూరాన్ని కూడా లోడు దూరం మీదే వేస్తే నాకు కావలసింది 59 రూపాయల పైన. తక్కువ పడ్డ ఏడు రూపాయలు నెల మొత్తం మీద చూస్తే సరిగ్గా నా జీతమంత.

ఒక ట్రిప్పు చెప్తాను. మామిడి సీజన్‌లో గుజ్జు డ్రమ్ములు, ఒక్కోటి 215 కిలోలు, 46 ఎత్తుకుని హైదరాబాద్ వెళ్లాను. సుమారు 600 కిలోమీటర్లకు బాడుగ 28,000. లోడు దిగేసరికి సాయంత్రమైంది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అతను, "అన్నా, రేపు పొద్దునకి తిరుపతికి అట్టపెట్టెల లోడు ఉంది, 18 వేలిస్తారు" అన్నాడు. వచ్చేటప్పుడు 28, పోయేటప్పుడు 18 ఏమిటని కోపమొచ్చింది, వద్దని రాత్రికి రాత్రే ఖాళీగా బయల్దేరాను. రానుపోను 1,200 కిలోమీటర్లకు తిరిగే ఖర్చే 29,000 అయింది. ఆ మూడు రోజుల కంతు, జీతం వాటా 7,800 కూడా కలిపితే 8,800 నష్టం. ఆ లోడు ఎత్తుకుని ఉంటే అదనపు డీజిల్ 2,200, కమీషన్ 1,000, ఒక రోజు ఆగినందుకు 2,600 పోయి 12,000 చేతికొచ్చేది. నష్టం పూడి ఇంకో మూడు వేలు మిగిలేది. 18,000 తక్కువ బాడుగే. అయినా ఖాళీగా వచ్చినా ఎలాగూ పడే ఖర్చును అది మోస్తుంది.

ఇప్పుడు తిరుగు లోడు చూసుకున్నాకే పోయే లోడు ఒప్పుకుంటాను. బయల్దేరే ముందే అవతలి ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేస్తాను. కడప దాకా లోడు దొరికినా ఎత్తుతాను, అక్కణ్ణుంచి చిత్తూరు ఖాళీగా వచ్చినా పర్వాలేదు. ఎన్ని రోజులు ఆగాలన్నదే కష్టమైన విషయం. కాగితం మీద నాలుగు రోజులు ఆగినా ఖాళీగా రావడం కన్నా మేలే. కానీ ఇక్కడ ఇంకో లోడు సిద్ధంగా ఉంటే అది చెయ్యి జారుతుంది. అందుకే మామిడి సీజన్‌లో ఒక్క రాత్రి, మిగతా రోజుల్లో రెండు రోజుల దాకా ఆగుతాను. గత రెండేళ్లుగా నెలకు 7,000 కిలోమీటర్లు, నూటికి 85 లోడుతో తిరుగుతున్నాను. సగటు బాడుగ 52 నుంచి 43కి తగ్గింది, ఇంట్లో ఇచ్చే డబ్బు మాత్రం సున్నా నుంచి 30,000 దాటింది. బాడుగ రేటు ఒక్కటే చూసి లోడు ఎంచుకునే కొత్త డ్రైవర్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

డీజిల్ విషయంలో చిత్తూరు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. బెంగళూరు దారిలో పలమనేరు దాటి నంగిలి చేరితే కర్ణాటక రేటు, వేలూరు వైపు తమిళనాడు రేటు. రెండూ మన దగ్గర కన్నా తక్కువే. అటు పోయినప్పుడు ట్యాంకు నింపుకుంటాను. దాని కోసమే దారి తప్పి వెళ్తే మాత్రం మిగిలేదేమీ ఉండదు.

రిపేరు కిలోమీటరుకు రెండు రూపాయలే అని రాశాను గానీ అది రోజూ రెండేసి రాదు, ఒక్కసారే మీద పడుతుంది. లక్షా 90 వేల దగ్గర మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, బండి వేగం మాత్రం పెరగడం లేదు. కాసేపటికి కాలిన వాసన. క్లచ్ ప్లేటు జారుతోందని అర్థమైంది. అంతకు వారం ముందే టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఒట్టిగా అరవడం విన్నాను, లోడు ఎక్కువైందేమో అనుకుని వదిలేశాను. అప్పుడే చూపించుంటే క్లచ్ ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ పాడవకుండా మిగిలేది. రెండు రోజులు బండి ఆగింది, మొత్తం 32,000 అయింది, ఆ నెల కంతు అప్పు చేసి కట్టాను. అప్పటి నుంచి నెలకు 14,000 వేరే ఖాతాలో వేస్తున్నాను. బండి బరువు మోసే కమాన్ కట్టలు, రెండు టైర్లు ఆ డబ్బులతోనే వచ్చాయి.

ఇంకా 12 కంతులున్నాయి. అవి అయిపోతే నెల ఖర్చు 34,000కు, అంటే 7,000 కిలోమీటర్ల మీద ఐదు రూపాయల లోపుకు దిగుతుంది. అప్పటికి బండి 4 లక్షలకు దగ్గరవుతుంది, ఇంజిన్ పని తప్పదు. అందుకే కంతు ఆగిన నెల నుంచి ఆ 14,000ను 25,000 చేద్దామని నేనూ మా ఆవిడా అనుకుని నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాం.