గమ్మీ స్మైల్‌కి ముందు బొటాక్స్, తర్వాత లిప్ సర్జరీ: రెండూ చేయించుకున్నాక నా రివ్యూ

నవ్వితే పైచిగురు బాగా కనిపించేవాళ్ళు చాలామంది నేరుగా "బొటాక్స్ ఎంత?" అని అడుగుతున్నారు, కానీ ముందు తెలుసుకోవాల్సింది చిగురు ఎందుకు కనిపిస్తోంది అన్నది. నన్ను చూసిన పీరియోడాంటిస్ట్, అంటే చిగుళ్ళ డాక్టర్, స్కేల్ పెట్టి కొలిచారు. నోరు మామూలుగా ఉన్నప్పుడు ముక్కు కింద నుంచి పెదవి అంచు దాకా 21 మి.మీ., ఆడవాళ్ళకి అది నార్మలే. ముందు పళ్ళ పొడవు 10 మి.మీ., అదీ నార్మలే. గట్టిగా నవ్వితే మాత్రం పెదవి 10 మి.మీ. పైకి లేస్తోంది, మామూలుగా 6 నుంచి 8 లేవాలి. చిగురు 5 మి.మీ. బయటపడుతోంది. అంటే నా సమస్య పళ్ళదీ కాదు, దవడదీ కాదు, పెదవిని పైకి లాగే కండరాలది.

మా పిన్ని కూతురికీ అచ్చం ఇలాగే కనిపించేది, కానీ తన పళ్ళు పొట్టిగా చదరంగా ఉండేవి. పన్ను వచ్చాక చిగురు వెనక్కి జరగాల్సినంత జరగలేదంట. ప్రోబ్ పెట్టి చూస్తే ఎనామెల్ చాలావరకు చిగురు కిందే ఉంది. తనకి ఎక్స్‌ట్రా చిగురు, కాస్త ఎముక తీసి క్రౌన్ లెంగ్తెనింగ్ చేశారు, అంతే, సరిపోయింది. తనకి బొటాక్స్ వేసుంటే పొట్టి పళ్ళు అలాగే ఉండేవి. ఇక పైదవడే నిలువుగా ఎక్కువ పెరిగినవాళ్ళకి దవడ ఎముక ఆపరేషన్ చేస్తేనే అసలు తేడా తెలుస్తుంది, అది వేరే లెవెల్.

నాకు మొదట ఆ కండరాల లాగుడు కొన్నాళ్ళు తగ్గించడానికి బొటాక్స్ ఇంజెక్షన్ వేశారు. ముక్కు రెక్క పక్కన, ఒక్కో వైపు ఒక్క పోటు, 2 యూనిట్లు. పెదవిని లాగే మూడు కండరాలు దగ్గరదగ్గరగా వచ్చే చోటు అది, కాబట్టి అంత తక్కువ మందు చాలు. (బ్రాండ్ మారితే యూనిట్ లెక్క కూడా మారుతుంది, కాబట్టి ఫ్రెండ్‌కి వేసిన నంబర్‌తో పోల్చుకోకండి.) మూడు నాలుగు రోజులకి తేడా మొదలైంది, రెండు వారాలకి పూర్తిగా తెలిసింది, 5 కాస్తా 1 మి.మీ. అయింది. నవ్వు నాకు చాలా నచ్చింది, నిజంగా. కానీ నాలుగు నెలలు దాటేసరికి మెల్లిగా పాత నవ్వు వచ్చేసేది, మళ్ళీ వేయించుకోవాలి. ఒకసారి వేరే క్లినిక్‌లో వేయించుకుంటే ఎడమ వైపు ఎక్కువ పడి నవ్వు వంకరైంది, స్ట్రాతో తాగుతుంటే పెదవి మూసుకోదు, "ప", "బ" పలికేటప్పుడు గాలి పోయేది. దానికి విరుగుడు ఏమీ లేదు, మందు పవర్ తగ్గేదాకా ఆగాల్సిందే.

ఇలా రెండేళ్ళకి పైగా నడిచాక లిప్ రీపొజిషనింగ్‌కి వెళ్ళా. బొటాక్స్‌కి అంత బాగా రెస్పాన్స్ వచ్చిందంటే కారణం పెదవి లేవడమేనని ఖాయమైనట్టే, అందుకే డాక్టర్ కూడా ఓకే అన్నారు. పెదవి లోపల, గట్టి చిగురు అయిపోయి మెత్తటి పొర మొదలయ్యే చోట ఒక పట్టీలా పొర తీసేసి, పై అంచుని కిందకి లాగి చిగురు దగ్గర కుట్టేస్తారు. దాంతో పెదవి అంత పైకి లేవలేదు. తీసే పట్టీ వెడల్పు కనిపించే చిగురుకి సుమారు రెండింతలు, అంటే నాకు దాదాపు 10 మి.మీ. మధ్యలో ఉండే సన్నటి తీగ లాంటి పొరని, అదే ఫ్రీనమ్, కదపకుండా అటొకటి ఇటొకటి తీశారు, అందుకని పెదవి మధ్య గీత పక్కకి పోలేదు. లోకల్ అనస్థీషియానే, కండరం కోయలేదు.

మొదటి రోజులు కష్టమే. పెదవి ఉబ్బిపోయింది, ఐస్ పెట్టుకుంటూ, జావ, పెరుగన్నం తింటూ, నవ్వొచ్చినా ఆపుకోవాలి, ఎందుకంటే గట్టిగా నవ్వితే కుట్లు లాగేస్తాయి, ఊడితే ఆ వైపు రిజల్ట్ పోయినట్టే. నవ్వినప్పుడు లోపల బిగుతుగా లాగే ఫీలింగ్ మాత్రం కుట్లు పోయాక కూడా చాలా వారాలు ఉంది. లోపల నీలంగా నీటిబుడగలా లేస్తే చూపించమన్నారు, లాలాజల గ్రంథి దెబ్బతింటే అలా వస్తుందంట, నాకు రాలేదు.

అసలు చెప్పాల్సింది రిజల్ట్ ఎంతకాలం ఉంటుందన్నది. కుట్లు మానాక చిగురు 1 మి.మీ. కూడా కనిపించలేదు, ఏడాది తిరిగేసరికి 2 అయింది. కండరం అలాగే ఉంది కాబట్టి అది లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడికి పొర కొంత సాగుతుంది. "పర్మనెంట్, గ్యారంటీ" అని ఎవరైనా అంటే నమ్మకండి, కొందరికి ఇంకా ఎక్కువే వెనక్కి వస్తుంది. నాది ఆ తర్వాత పెద్దగా మారలేదు, ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. 5 నుంచి 2 కి, ఇంజెక్షన్ల గోల లేకుండా, నాకైతే ఇది వర్త్. గట్టిగా నవ్వితే కుడి వైపు ఒక పిసరు ఎక్కువ కనిపిస్తుంది, కావాలంటే ఆ ఒక్క వైపు కాస్త బొటాక్స్ వేస్తామన్నారు, నేను వద్దన్నా.